వారంటీ రాదని చెప్పాల్సి వచ్చింది

ఇవాళ మా సర్వీస్ సెంటర్‌కి ఒక పెద్దాయన కాలిపోయిన బోరు మోటారు తెచ్చారు. కొని ఏడాది కాలేదు, వారంటీ కార్డు కూడా భద్రంగా ఉంది. ఆయన ముందే విప్పాను. మూడు ఫేజుల వైండింగ్‌లో రెండు నల్లగా మాడిపోయాయి, మూడోది ఇంకా మెరుస్తోంది. ఒక ఫేజు పోయినా మోటారు ఆగకుండా తిరిగితే, భారమంతా మిగతా రెండింటి మీద పడి ఇలాగే కాలుతుంది. తయారీ లోపమైతే సాధారణంగా ఏదో ఒక్కచోట షార్ట్ అయిన మచ్చ కనిపిస్తుంది.

"ఇది వారంటీలో రాదు బాబాయ్, కరెంటు వల్ల కాలింది" అని వెంటనే చెప్పేశాను. కంపెనీకి పంపి చూద్దామని నాన్చితే ఈలోపు పైరు ఎండుతుంది.

"ఫేజు పోతే నా తప్పా?" అన్నారు. కాదు. కానీ కార్డులో ఆ షరతు ఉంది, ఆ లైను చదివి వినిపించాను.

రాగి తీగతో రీవైండింగ్, లేదా పాతది ఇచ్చి కొత్తది తీసుకోవడం. రెండింటి ఖర్చూ కాగితం మీద రాసిచ్చాను. రీవైండింగే చేయమన్నారు. ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ స్టార్టర్‌కి పెట్టకపోతే ఇదీ కాలొచ్చని చెప్తే, "సరే, అదీ బిల్లులో రాయి" అన్నారు, కాస్త కోపంగానే.