కార్తీకంలో అరికాళ్ళ మంటలు

సార్వా కోతలు మొదలయ్యాక మా క్లినిక్‌లో పొద్దున పూట జనం తక్కువ. కూలివాళ్ళు చేలోకి దిగిపోతారు కాబట్టి జ్వరాలూ నడుం నొప్పులూ సాయంత్రానికి వస్తాయి. అందుకే ఈరోజు ఉదయం ఒకే పేషెంట్‌తో తీరిగ్గా కూర్చోగలిగాను. కొబ్బరి దింపు పని చేసే మనిషి, వయసు నలభై అయిదు దాటి ఉంటుంది. వెంట వాళ్ళావిడ కూడా వచ్చింది.

వచ్చిన పని చిన్నదే. ఈ ఏడు కూడా అయ్యప్ప మాల వేసుకోవచ్చా అని అడగడానికి వచ్చారు.

చిన్న ప్రశ్నే గానీ, అతని రోగం కథంతా అందులోనే ఉంది. పోయిన కార్తీకంలోనూ మాల వేశాడు. అప్పటికే రెండేళ్ళుగా అరికాళ్ళు మంటలు, తిమ్మిర్లు. రాత్రి దుప్పటి కాలికి తగిలినా ఓర్చుకోలేక లేచి చల్లటి గచ్చు మీద నిలబడేవాడు. రోజుకి ఒక క్వార్టర్ మామూలు, పని బాగా దొరికిన రోజు రెండు. మాల వేసిన రోజు నుంచి చుక్క ముట్టలేదు. 41 రోజులూ నిష్ఠగా ఉన్నాడు, కొండకి వెళ్ళొచ్చాడు. మంటలు మాత్రం ఏమీ తగ్గలేదు. "మానేసినా తగ్గనప్పుడు ఇది మందు వల్ల వచ్చింది కాదండీ" అని తనే తేల్చుకుని, సంక్రాంతి కోడిపందాల దగ్గర మళ్ళీ మొదలుపెట్టాడు.

ఈ మాట నేను ప్రతి ఏడూ ఎవరో ఒకరి నోట వింటూనే ఉంటాను. వాళ్ళు మోసం చేయడం లేదు. లెక్క వాళ్ళకి ఎవరూ చెప్పలేదంతే. నరం తిరిగి పెరిగితే, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మండల దీక్ష మొత్తానికి నాలుగు సెంటీమీటర్లు. బొటనవేలు పొడవు కూడా రాదు. ఇతనికేమో మొద్దుబారడం పిక్క మధ్య దాకా పాకి ఉంది. నలభై రోజుల్లో తేడా ఎక్కడ తెలుస్తుంది?

అసలు పాదాలతోనే ఎందుకు మొదలవుతుందని వాళ్ళావిడ అడిగింది. పాదానికి వెళ్ళే నరాలు ఒంట్లో అన్నిటికన్నా పొడుగైనవి. వాటి ప్రధాన కణభాగం నడుం దగ్గర, వెన్ను పక్కన ఉంటుంది. తయారీ అంతా అక్కడే, అక్కడి నుంచి వేలి చివరిదాకా సరఫరా కావాలి. శివారు పొలానికి కాలువ నీళ్ళు అందనట్టే, పైన ఏ కాస్త లోటు వచ్చినా మొదట ఎండేది ఆ చివరే. అందుకే రెండు పాదాలకీ ఒకేలా వచ్చి, మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. ఒక కాలికే ఉంటేనో, ఒంటి మీద స్పర్శ లేని మచ్చ ఉంటేనో నేను వేరే జబ్బు వెతుకుతాను. మన దగ్గర కుష్టు సంగతి మర్చిపోకూడదు. సుగర్, బీ12, థైరాయిడ్ కూడా చూడాలి. ఇతనికి అవన్నీ బాగానే ఉన్నాయి. రక్తంలో ఎర్రకణాల సైజు మాత్రం పెరిగి ఉంది. రోజూ తాగేవాళ్ళలో తరచూ కనిపించే గుర్తు అది.

లోటు రెండు వైపుల నుంచి వస్తుంది. ఆల్కహాలూ, అది ఒంట్లో విరిగితే వచ్చే ఎసిటాల్డిహైడూ నరాన్ని నేరుగా దెబ్బతీస్తాయి. రెండోది బీ1, అంటే థయామిన్. లేబుల్ మీద 42.8 శాతం అని ఉండే 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. నాలుగు వందల పైన కేలరీలు. ఆకలి చచ్చిపోతుంది, కడుపులోకి వెళ్ళిన కాస్త థయామిన్ కూడా పేగు సరిగ్గా పీల్చుకోదు. పైగా మన తిండి తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం, అదీ గంజి వార్చేసి. ఒకప్పుడు ఈ సర్కారు జిల్లాల్లో బెరిబెరి ఉండేదంటే కారణం ఈ బియ్యమే. అయితే అన్నం, పప్పు బాగా తిని తాగేవాళ్ళకీ ఈ నరాల జబ్బు వస్తుంది. కాబట్టి విటమిన్ వేసుకుంటూ తాగొచ్చనే దారి లేదు. ఇతను వారానికోసారి "నరాల బలం" ఇంజక్షన్లు పొడిపించుకుంటూ ఏడాది పాటు తాగాడు, డబ్బులు పోయాయి. ఆ రకం మందుల్లో ఉండే బీ6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే అదే నరాలని పాడుచేస్తుంది. ఇది చెబితే ఎవరూ నమ్మరు, విటమిన్ ఎక్కడైనా చెరుపు చేస్తుందా అంటారు.

పోయిన జనవరిలో నా దగ్గరికి వచ్చింది మంటల కోసం కూడా కాదు. తిమ్మిరికి మంచిదని ఎవరో చెబితే వేడి ఇసుక మూటతో కాపడం పెట్టుకున్నాడు. కాలిన సంగతి కాలికి తెలియలేదు, మర్నాడు బొబ్బ చూసుకుని వచ్చాడు. ఒకే పాదంలో మంటా ఉంటుంది, స్పర్శా ఉండదు. పేషెంట్లకి అర్థం కాని ముఖ్యమైన సంగతి ఇదే.

అప్పుడు మానడానికి ఒప్పుకున్నాడు గానీ, ఇంటికెళ్ళి ఒక్కసారిగా మానెయ్యమని పంపలేదు. రోజూ ఎక్కువ తాగేవాడు హఠాత్తుగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు పిచ్చి చూపులు, లేనివి కనిపించడం, ప్రాణం మీదకి రావడం. పోయిన కార్తీకంలో మాల వేసినప్పుడు రెండు రోజులు చేతులు వణికి చెమటలు పోశాయట, "స్వామి పరీక్ష" అనుకున్నారు. ఈసారి ఆసుపత్రిలో ఉంచి, వణుకుకి మందిచ్చి రోజురోజుకీ తగ్గించాం. థయామిన్ ముందు ఇంజక్షన్‌గా ఇచ్చి తర్వాతే గ్లూకోజ్ సెలైన్ పెట్టాం. నీరసంగా ఉందని తాగుబోతుకి ముందు గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్త థయామిన్ కూడా ఖర్చయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. పల్లెల్లో బాటిల్ పెట్టడం అంత తేలిక కాబట్టి ఇది నాకు ఎప్పుడూ టెన్షనే.

ఇక ఈరోజు. బల్ల మీద పడుకోబెట్టి, కళ్ళు మూయించి, విరిచిన పుల్ల మొనతో వేళ్ళ నుంచి పైకి గుచ్చుతూ వచ్చాను. ఎక్కడ "సూదిగా ఉందండీ" అంటాడో అక్కడ పెన్నుతో గీత. జనవరిలో ఆ గీత పిక్క మధ్యలో ఉంది. ఈరోజు చీలమండ దగ్గర పడింది. జానెడు కిందికి దిగింది.

ఈ గీత నాకెందుకు కావాలంటే, మంట తగ్గడం ఒక్కటీ నమ్మదగ్గ సాక్ష్యం కాదు. నరం కోలుకున్నా మంట తగ్గుతుంది, పూర్తిగా చచ్చిపోయినా తగ్గుతుంది. మంట పోయి గీత పైకి పాకితే జబ్బు ముదిరినట్టు. మంట తగ్గి గీత కిందికి దిగితే కోలుకుంటున్నట్టు. ఇతనికి మంటలు మూడు నాలుగు నెలలకే సగం తగ్గాయి. అంత తొందరగా తగ్గింది కొత్తగా పెరిగిన నరం వల్ల కాదు. చావకుండా జబ్బుపడి ఉన్న నరాలు విషం ఆగాక తేరుకోవడం వల్ల. తర్వాత గీత దిగిన ఆ జానెడే అసలు పెరుగుదల.

తర్వాత ట్యూనింగ్ ఫోర్క్ పెట్టాను. చీలమండ మీద అదురు కాస్త తెలిసింది, బొటనవేలి మీద "ఇనుప ముక్క పెట్టారండీ, అంతే" అన్నాడు. మడమ వెనక సుత్తితో కొడితే పాదం కదల్లేదు. లావు నరాలు ఇలాగే వెనకబడతాయి. ఆ రిఫ్లెక్స్ ఎప్పటికీ రాకపోవచ్చు, దానితో పనేమీ ఆగదు. పాదాలు దగ్గర పెట్టి కళ్ళు మూసుకోమంటే ఊగాడు.

అది చూసి వాళ్ళావిడ ముఖం మారిపోయింది. "అదేనండీ డాక్టరమ్మ గారూ నేననేది! రాత్రిపూట గట్టు మీద తూలుతూనే వస్తాడు. ఎక్కడో తాగొస్తున్నాడనే నా అనుమానం."

పది నెలలుగా తాగని మనిషి పది నెలలుగా పడుతున్న మాట ఇది. అతను తల దించుకుని "ఆయ్, నేనేం చెప్పినా నమ్మదండీ" అన్నాడు. పాదం ఎక్కడ ఉందో మెదడుకి చెప్పే నరాలు ఇంకా తేరుకోలేదని, వెలుగులో కళ్ళు ఆ పని చేసి పెడతాయని, చీకట్లో ఆ ఆసరా ఉండదు కాబట్టి తూలుతాడని ఆవిడకి వివరించాను. పట్టపగలు నడిపించి చూపించాను, తిన్నగానే నడిచాడు. టార్చి లేకుండా పంపొద్దని చెప్పాను. ఆవిడ ఇంకా ఏమీ అనలేదు గానీ, అతని చెప్పులు తనే తెచ్చి పెట్టింది.

చెట్టెక్కడం ఎప్పుడన్నాడు. కాళ్ళకి తాడు వేసుకుని పాదం పట్టు మీదే నిలబడే పని. అరికాలికి మాను తెలియనప్పుడు ఎక్కనివ్వను. చీలమండ నుంచి వేళ్ళ దాకా ఇంకా జానెడు ఉంది, దగ్గర దగ్గర ఏడాది. ఆ చివరి భాగం పూర్తిగా రాకపోవచ్చని కూడా చెప్పాను. ప్రస్తుతం కాయ ఒలుపు పని చేస్తున్నాడు, సంపాదన సగం. అంతకన్నా మంచి మాట నా దగ్గర లేదు.

రాత్రి వేసుకునే ప్రెగాబాలిన్ 150 నుంచి 75కి దించాను. దాన్ని హఠాత్తుగా ఆపకూడదు, తాగుడుతో కలిపితే మత్తు ప్రమాదకరం. థయామిన్ 100 మిల్లీగ్రాములు రోజూ అలాగే.

ఇక మాల. తాగుడు మానడానికి దీక్షని మించిన మందు మా వైపు నేను చూడలేదు, కాబట్టి వేసుకోమన్నాను. ఒంటిపూట భిక్షలో పప్పు, పెసలు తప్పనిసరి, సాయంత్రం పలహారంలో వేరుశెనగలు. చిక్కల్లా చెప్పులతోనే. స్పర్శ లేని పాదంతో వట్టికాళ్ళ మీద కొండెక్కితే గుచ్చుకున్న ముల్లు పుండయ్యాకే బయటపడుతుంది. గురుస్వామికి అతని ఫోన్ నుంచే చేశాను. ఆయన కాసేపు విని, "స్వామి శరణం. చెప్పులేసుకునే దీక్ష చేసుకోమనండమ్మా, పీఠం దగ్గర విప్పితే చాలు. కొండకి మాత్రం ఈ ఏడు వద్దు, ఇరుముడి మాతో పంపిస్తాడు" అన్నారు. అతనికి అది నచ్చలేదు. సంక్రాంతి తర్వాత గీత మళ్ళీ చూద్దామని చెప్పి పంపాను.