దుస్తులు మార్చిన ఫోటోను ముఖం చెడకుండా పెద్దది చేసిన నా అనుభవం

ఒక స్నేహితుడు తన ఫోటోలో తెల్ల చొక్కా బదులు బూడిద రంగు ఉన్ని కోటు కనిపించేలా మార్చి, పెద్ద సైజులో ప్రింటు తీయించుకునేలా ఇవ్వమని అడిగాడు. అసలు ఫోటో 1600 × 2400 పిక్సెళ్లు. దాన్ని రెట్టింపు చేసి 3200 × 4800కి తీసుకువెళ్తే అంగుళానికి 300 చుక్కల లెక్కన దాదాపు పదిన్నర అంగుళాల వెడల్పు, పదహారు అంగుళాల ఎత్తు వస్తుంది. ఫోటోలో ఎంచుకున్న చోటును మాత్రం ఏఐ మోడల్‌తో కొత్తగా గీయించే ఇన్‌పెయింటింగ్‌తో కోటు చక్కగానే కుదిరింది. చిక్కంతా పెద్దది చేసేటప్పుడు వచ్చింది. మొత్తం ఫోటోను రియల్-ఈఎస్ఆర్‌గ్యాన్ అనే అప్‌స్కేలర్‌కు ఇచ్చి చూస్తే కోటు మీది నేత గీతలు పదునుగా తేలాయి, ముఖం మాత్రం మైనపు బొమ్మలా మారింది. బుగ్గల మీది రంధ్రాలు పోయాయి, గడ్డం కింది చిన్న వెంట్రుకలు ఒక నీడ మచ్చగా కలిసిపోయాయి. నుదుటి ముడతలు రెండు మూడు నున్నటి గీతలై మిగిలాయి. స్నేహితుడు చూసి "కోటు బాగుంది, కానీ ఇది నా ముఖంలా లేదు" అన్నాడు. అతను అన్నది నిజమే.

ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే పరిష్కారం దానంతట అదే కనిపిస్తుంది. 2021లో వచ్చిన రియల్-ఈఎస్ఆర్‌గ్యాన్‌కు శిక్షణ ఇచ్చిన తీరు ఇలా ఉంటుంది: మంచి ఫోటోలను తీసుకుని వాటిని కావాలని మసకబార్చి, నాయిస్ కలిపి, జేపెగ్‌గా కుదించి, మళ్లీ అదే పని ఇంకోసారి చేసి, ఆ పాడైన బొమ్మ నుంచి అసలు బొమ్మను రాబట్టమని నేర్పారు. అందువల్ల ఒకటి రెండు పిక్సెళ్ల వెడల్పున్న సన్నటి హెచ్చుతగ్గులు కనిపిస్తే అవి తుడిచేయవలసిన నాయిస్ అని అది అనుకుంటుంది. చర్మం మీది రంధ్రాలు కూడా సరిగ్గా అంతే పరిమాణంలో, అంతే బలహీనమైన వెలుగు తేడాతో ఉంటాయి. రెండింటినీ వేరు చేసి చూసే ఆధారం దానికి లేదు.

దీనికంటే ముందే ముఖానికి ఇంకో దెబ్బ తగిలి ఉంటుంది. చాలా ఇన్‌పెయింటింగ్ మోడళ్లు ఫోటోను నేరుగా పిక్సెళ్లలో దిద్దవు. స్టేబుల్ డిఫ్యూజన్ ఎక్స్ఎల్ వంటి వాటిలో 8 × 8 పిక్సెళ్ల గడి, అంటే మూడు రంగులకూ కలిపి 192 అంకెలు, నాలుగు అంకెలుగా కుదించుకుపోతుంది. పని అయ్యాక మళ్లీ పిక్సెళ్లుగా విప్పుతారు. ఎక్కడ దిద్దాలో చూపే మాస్క్‌కు బయట ఉన్న ముఖాన్ని మోడల్ మార్చకపోయినా, ఈ కుదింపు వల్ల దాని సన్నటి వివరం కొంత పోతుంది. కొన్ని ఉపకరణాలు చివరలో అసలు పిక్సెళ్లను తిరిగి అతికిస్తాయి, కొన్ని అతికించవు. తెలుసుకోవడం తేలిక: గింప్ అనే ఫోటో ఎడిటర్‌లో అసలు ఫోటో మీద దిద్దిన ఫోటోను లేయరుగా పెట్టి మోడ్‌ను డిఫరెన్స్‌కు మార్చాలి. ముఖం పూర్తి నలుపుగా ఉంటే పిక్సెళ్లు మారలేదన్నమాట. నా ఫోటోలో కళ్ల రెప్పలు, కనుబొమ్మలు, పెదవి అంచులు సన్నగా వెలుగుతూ కనిపించాయి. అందుకే ముఖం కోసం దిద్దిన ఫైలును అసలు వాడకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను.

ముఖాన్ని బాగుచేసే జీఎఫ్‌పీగ్యాన్, కోడ్‌ఫార్మర్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ముఖం నున్నబడగానే చాలామంది వాటి వైపే వెళ్తారు. ఈ రెండూ ముఖాన్ని కత్తిరించి, నిటారుగా సర్ది, 512 × 512 చదరంలో తిరిగి గీసి అతికిస్తాయి. నా ఫోటోలో ముఖం వెడల్పే దాదాపు 560 పిక్సెళ్లు, రెట్టింపు చేశాక 1120. చదరంలో జుట్టు, మెడ కూడా పడతాయి కాబట్టి ముఖానికి దక్కేది 512 కంటే తక్కువే. అంటే ఉన్న వివరాన్ని కుదించి, ఊహతో నింపి, మళ్లీ సాగదీయడమే అవుతుంది. చిన్నగా, చెడిపోయి ఉన్న పాత ఫోటోల ముఖాలకు అవి నిజంగా మేలు చేస్తాయి. ఇక్కడ వాటికి పని లేదు.

అందుకని ముఖానికీ కోటుకూ వేర్వేరు దారులు వేశాను. ముఖం అసలు ఫోటోలోది, అందులో నిజమైన వివరం ఉంది. దాన్ని మామూలు లాంక్జోస్ పద్ధతిలో పెంచితే చాలు, అది కొత్తగా ఏదీ కల్పించదు, ఉన్నదాన్ని నాయిస్ అని తుడిచేయదు. కోటు ఎలాగూ కల్పించినదే, పైగా కొంచెం మెత్తగా ఉంది. అప్‌స్కేలర్ దానికి ఇంకాస్త పదును కల్పించినా నష్టం లేదు. ఈ అప్‌స్కేలర్ నాలుగు రెట్లు పెంచుతుంది కాబట్టి తర్వాత సగానికి తగ్గించాను. అలా తగ్గించడం వల్ల గీతల చుట్టూ వచ్చే అతి పదును కూడా కొంత సర్దుకుంటుంది. ఇమేజ్‌మ్యాజిక్, రియల్-ఈఎస్ఆర్‌గ్యాన్ కమాండ్లు ఇవి:

```
magick original.png -filter Lanczos -resize 200% face.png
realesrgan-ncnn-vulkan -i edited.png -o coat4x.png -n realesrgan-x4plus
magick coat4x.png -filter Lanczos -resize 50% coat.png
magick face.png coat.png mask.png -composite joined.png
```

ఇందులో `mask.png` కూడా 3200 × 4800 ఉండాలి. తెల్లగా ఉన్నచోట కోటు, నల్లగా ఉన్నచోట అసలు ఫోటో వస్తాయి. గోడ, జుట్టు, చేతులు కూడా అసలు ఫోటో నుంచే తీసుకున్నాను.

మాస్క్ అంచు ఎక్కడ నడవాలన్నదే ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యం. చర్మం మధ్యలో అతుకు పడితే ఎంత మెత్తగా కలిపినా పట్టుబడుతుంది, ఎందుకంటే ఒకవైపు రంధ్రాలున్న చర్మం, మరోవైపు నున్నటి చర్మం ఉంటాయి. కాలరు అంచు వెంబడి, ఒకటి రెండు పిక్సెళ్లు గుడ్డ వైపుకే ఉండేలా గీత గీసి, అంచును మెత్తగా కలిపే ఫెదర్ నాలుగైదు పిక్సెళ్లకు మించకుండా ఉంచాను. గుడ్డ అంచు సహజంగానే పదునైన గీత కాబట్టి అతుకు దానిలో కలిసిపోతుంది.

అయితే మెడ దగ్గర ఒక సన్నటి పట్టీ మొండికేసింది. తెల్ల చొక్కా కాలరు మెడ మీదకు వెలుగును తిప్పి కొట్టేది. బూడిద కోటు ఆ పని చేయదు, పైగా దాని కాలరు నీడ వేస్తుంది. మోడల్ ఆ నీడను సరిగ్గానే గీసింది, కానీ ఆ చోట చర్మం నున్నబడింది. నీడ దిద్దిన ఫోటోలోది కావాలి, చర్మపు గరుకుదనం అసలు ఫోటోలోది కావాలి. ఇందుకు గింప్‌లో రెండింటినీ విడదీశాను. పెంచిన అసలు ఫోటో నకలును 8 పిక్సెళ్ల గాసియన్ బ్లర్‌తో మసకబార్చి, దాన్ని గ్రెయిన్ ఎక్స్‌ట్రాక్ట్ మోడ్‌లో అసలు ఫోటో పైన పెడితే వచ్చేది రంగూ నీడా లేని గరుకుదనం మాత్రమే. దిద్దిన ఫోటోలోని మెడ పట్టీని అంతే మసకబార్చి కింద పెట్టి, ఈ గరుకుదనాన్ని గ్రెయిన్ మెర్జ్ మోడ్‌లో దాని మీద వేశాను. నీడ నిలిచింది, చర్మం చర్మంలా కనిపించింది. కాలరు గీతకు మరీ దగ్గరగా మాత్రం ఇలా చేయకూడదు. మసకబార్చినప్పుడు గుడ్డ రంగు చర్మంలోకి పాకి అంచు వెంట బూడిద చాయ వస్తుంది. బ్లర్ చేసే ముందు పట్టీని మాత్రమే వేరే లేయరుగా కత్తిరించుకుంటే ఈ బాధ తగ్గుతుంది.

భుజం మీద పడిన వెంట్రుకల పని అనుకున్నదానికంటే సులువుగా అయింది. అసలు చొక్కా తెలుపు, కొత్త కోటు బూడిద, జుట్టు నలుపు కావడం అదృష్టం. ఆ చోట అసలు ఫోటోను డార్కెన్ మోడ్‌లో కోటు మీద వేస్తే రెండింటిలో చీకటిగా ఉన్న పిక్సెలే నిలుస్తుంది. తెల్ల చొక్కా మాయమై, నల్ల వెంట్రుకలు ఉండిపోతాయి. వెంట్రుకల అంచులు కాస్త సన్నబడతాయి, అంతే. కొత్త దుస్తులు నల్లగా ఉండి ఉంటే ఈ ఉపాయం పనికొచ్చేది కాదు.

ఇంత చేశాక కూడా కోటు వేరే కెమెరాతో తీసినట్టు అనిపించింది. కారణం గ్రెయిన్. ముఖంలో, గోడలో కెమెరా నాయిస్ ఉంది, కోటులో లేదు. కంటితో అంచనా వేయకుండా గోడ మీద వెలుగు తేడా లేని ఒక ముక్కను, కోటులో నేత లేని చదునైన ముక్కను తీసుకుని కొలిచాను.

```
magick joined.png -crop 80x80+300+600 +repage -colorspace Gray -format "%[fx:standard_deviation*255]" info:
```

గోడ దగ్గర మూడుకు దగ్గరగా, కోటు దగ్గర ఒకటి లోపు వచ్చింది. కోటుకు గ్రెయిన్ కలపాలి, కానీ పెద్ద ఫోటో మీద నేరుగా నాయిస్ ఫిల్టర్ వేస్తే సరిపోదు. ముఖంలోని గ్రెయిన్ లాంక్జోస్‌తో రెట్టింపై రెండు పిక్సెళ్ల వెడల్పుకు సాగి ఉంది, కొత్తగా వేసేది ఒక పిక్సెల్ వెడల్పే ఉంటుంది. కొలతలో సంఖ్య సరిపోయినా కంటికి తేడా తెలుస్తుంది. అందుకే 1600 × 2400 బూడిద పలక మీద రంగులేని నాయిస్ వేసి, దాన్ని కూడా లాంక్జోస్‌తోనే రెట్టింపు చేసి, గ్రెయిన్ మెర్జ్ మోడ్‌లో కోటు మాస్క్ లోపల మాత్రమే కలిపాను. ఒపాసిటీని జరుపుతూ రెండు కొలతలూ దగ్గరపడేదాకా సర్దాను. ఇది కలిపిన మరుక్షణం కోటు ఆ మనిషి ఒంటి మీదకు వచ్చింది.

ముఖానికి చివరగా చేసింది ఒక్కటే: ఒక పిక్సెల్ వ్యాసార్థంతో తేలికపాటి అన్‌షార్ప్ మాస్క్. లాంక్జోస్ పెంపులో వచ్చే కొద్దిపాటి మెత్తదనం దాంతో పోతుంది. అంతకు మించితే గ్రెయిన్ ఇసుకలా లేచి, మళ్లీ కోటుతో తేడా వస్తుంది. కళ్ల దగ్గర ఇంకా పదును కావాలనిపిస్తే అసలు ఫోటోను అప్‌స్కేలర్‌కు ఇస్తే వచ్చే ముఖాన్ని కనురెప్పల మీద మాత్రమే, పావు వంతు ఒపాసిటీతో కలపవచ్చు. బుగ్గలకు, నుదుటికి దాన్ని తాకనివ్వలేదు.

పరీక్షించేటప్పుడు స్క్రీనులో మొత్తం ఫోటో కనిపించేలా చిన్నది చేసి చూస్తే ఏదీ తెలియదు, ప్లాస్టిక్ ముఖం కూడా బాగానే కనిపిస్తుంది. 100 శాతంలో పెట్టి, ముక్కు పక్కన, గడ్డం కింద, చెవి ముందు ఉన్న చర్మాన్ని అసలు ఫోటోతో పక్కపక్కన చూడాలి. నేను కాలరు ఉన్న చిన్న ముక్కను అసలు ప్రింటు సైజులోనే ముందుగా అచ్చు వేయించి చూశాను, ఎందుకంటే స్క్రీను మీద కనబడే గ్రెయిన్‌లో కొంత కాగితం మీద తగ్గిపోతుంది.

ఈ పద్ధతి రెండు రెట్ల వరకు నమ్మకంగా పనిచేస్తుంది. నాలుగు రెట్లకు వెళ్తే లాంక్జోస్ ముఖం మసకగా కనిపించడం మొదలవుతుంది, అప్పుడు అప్‌స్కేలర్ వాటాను కొంత పెంచక తప్పదు. ముఖం వంద పిక్సెళ్ల వెడల్పు కూడా లేని గుంపు ఫోటోలకు ఇది పెద్దగా ఉపయోగపడదు, కాపాడటానికి అందులో చర్మపు వివరమే ఉండదు. అలాంటి చోట కోడ్‌ఫార్మర్‌ను `w` విలువ 1కి దగ్గరగా పెట్టి వాడితే, ముఖం మూలానికి దగ్గరగా ఉంటుంది. దాని మీద కూడా గ్రెయిన్ కలపాల్సిందే.