టిఫిన్లూ షుగరూ: ఐదు పళ్లేల లెక్క

జూన్ మొదట్లో

షుగర్ ఉన్నవాళ్ల ఇంట్లో పొద్దున్నే నడిచే వాదన ఒకటే. ఇడ్లీ తినొచ్చు, దోసె వద్దు. ఆవిరి మీద ఉడికింది, నూనె లేదు అని ఇడ్లీకి మంచి పేరు. బరువు సంగతైతే ఆ మాట సరే. రక్తంలో షుగర్‌ని ముందు పెంచేది మాత్రం పిండిపదార్థం, నూనె కాదు. అందుకే నాగోల్‌లో మా వంటింట్లో తరచూ చేసే ఐదు టిఫిన్లనీ మీటర్ పెట్టి చూడటం మొదలుపెట్టాను. నాది టైప్ 2. పొద్దున టిఫిన్ తర్వాత మెట్‌ఫార్మిన్ ఒక్కటే, ఇన్సులిన్ లేదు. పరగడుపున 110 నుంచి 120 మధ్య ఉంటుంది.

మొదటి చిక్కు కొలత దగ్గరే వచ్చింది. మూడు ఇడ్లీలకీ రెండు దోసెలకీ పోటీ పెడితే అర్థం లేదు, ఎవరింటి దోసె ఎంత మందమో ఎవరికి తెలుసు? అందుకని అన్నిటికీ ఒకటే నియమం పెట్టుకున్నాను: పళ్లెంలోకి వచ్చే టిఫిన్‌లో నానబెట్టక ముందు ఉన్న పొడి సరుకు 60 గ్రాములు. ఉప్మాకీ అటుకులకీ ఇది తేలిక, నేరుగా కాంటా మీద తూచి పొయ్యి మీదకి. పిండి విషయంలో చిన్న లెక్క ఉంది. ఇడ్లీకి మినపగుళ్లు 200, ఇడ్లీ రవ్వ 400 గ్రాములు నానబెట్టాను. రుబ్బాక గిన్నె బరువు తీసేసి తూస్తే పిండి కిలోన్నర తేలింది. అంటే 150 గ్రాముల పిండిలో 60 గ్రాముల సరుకు ఉన్నట్టు. మా ఇడ్లీ ప్లేటు గుంటల్లో అది సరిగ్గా మూడు ఇడ్లీలు. ఏ పిండికైనా ఇదే పద్ధతి. నీళ్లు ఎక్కువ పోస్తే మొత్తం బరువు పెరుగుతుంది, దాన్ని బట్టి మీ వాటా మారుతుంది.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు దగ్గర పెట్టుకుని, 60 గ్రాముల్లో పిండిపదార్థం ఎంతో చూశాను. అటుకుల్లో సుమారు 46 గ్రాములు. బియ్యం మూడు వంతులు, మినపప్పు ఒక వంతు వేసిన దోసెలో 43. ఇడ్లీ, బొంబాయి రవ్వ ఉప్మా రెండూ 41 దగ్గర. ఉత్త పెసలతో వేసిన పెసరట్టులో మాత్రం 28.

ఈ ఒక్క లెక్కతోనే సగం కథ తెలిసిపోతుంది. మొదటి నాలుగూ ఒకే గుంపు, వాటి మధ్య తేడా రెండు మూడు ముద్దలది. పెసరట్టు ఒక్కటే వేరే జాతి.

జూన్ చివర

చూసే పద్ధతి ఇలా కుదుర్చుకున్నాను. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన సమయం నుంచి గంటకి ఒకసారి, రెండు గంటలకి ఒకసారి. తినడం పూర్తయ్యాక లెక్క మొదలుపెడితే ఒక రోజు పది నిమిషాలు, ఇంకో రోజు అరగంట తేడా వచ్చేస్తుంది. పంచదార లేని టీ తినే ముందు కాదు, టిఫిన్‌తోనే. రెండు గంటలూ నడక లేదు, మెట్లెక్కడం లేదు. పక్కన పల్లీ చట్నీ రెండు చెంచాలు, అన్నిటికీ అదే. సాంబారు లేదు, ఎందుకంటే అందులో కందిపప్పు ఎంత పడిందో రోజూ ఒకలా ఉండదు.

వేలు సబ్బుతో కడిగి బాగా తుడుచుకోవాలి. చేత్తో తినే మనకి ఇది మరీ ముఖ్యం. మామిడిపండు ముక్క పట్టుకున్న వేలితోనే గుచ్చితే మీటర్ చూపించేది మన రక్తం సంగతి కాదు, పండు సంగతి. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. చుక్క రాలేదని గట్టిగా పిండకూడదు. చేతిని కిందికి వేలాడదీసి కాసేపు ఆగితే వస్తుంది. వానాకాలం కాబట్టి స్ట్రిప్ తీసిన వెంటనే డబ్బా మూత బిగించాలి, తేమ తగిలితే స్ట్రిప్పులు పాడవుతాయి.

ఇంకో సంగతి, ఇంట్లో వాడే మీటర్లకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 పైన ఉన్న రీడింగుల్లో చాలా వరకు ల్యాబ్ అంకెకి 15 శాతం అటూ ఇటూగా ఉంటే చాలు. అంటే మీటర్ 170 చూపిస్తే అసలు అంకె 150 అయినా కావచ్చు, 190 అయినా కావచ్చు. కాబట్టి ఉప్మాకి 8 తగ్గింది, ఇడ్లీకి 8 పెరిగింది అని సంబరపడటంలో అర్థం లేదు. ఒక్కో టిఫిన్‌నీ వేర్వేరు వారాల్లో మళ్లీ మళ్లీ తిని చూస్తూ, ప్రతిసారీ ఒకే వైపు మొగ్గే తేడాలనే నమ్ముతున్నాను.

జులై

ఇప్పుడు ఫలితాలు. ఒకే రకంగా వచ్చిన రోజుల్లోంచి మామూలు రోజు అనదగ్గది ఒక్కోదానికి ఒకటి రాస్తున్నాను.

ఇడ్లీ: ముందు 116, గంటకి 192, రెండు గంటలకి 158. అటుకులు: 114, 184, 139. ఉప్మా: 115, 178, 161. దోసె: 118, 169, 176. పెసరట్టు: 117, 144, 136.

రెండు గంటల అంకె ఒక్కటే చూసేవాళ్లకి ఇక్కడ దోసె దోషి, అటుకులు బుద్ధిమంతులు. గంట అంకె చూస్తే ఇడ్లీ, అటుకులు రెండూ దోసెని దాటేశాయి. నేను ఎక్కువ సేపు ఆలోచించింది ఇక్కడే. ఇడ్లీ రవ్వ, పూర్తిగా ఉడికిన మెత్తదనం, పైగా నూనె చుక్క లేదు. కడుపులోంచి త్వరగా కిందికి దిగిపోతుంది. అటుకులు ముందే ఉడికించి దంచినవి, వాటి సంగతీ అంతే. దోసెలో పిండిపదార్థం ఇడ్లీ కంటే ఏమీ తక్కువ లేదు, కానీ పెనం మీద వేసిన నూనె వల్ల కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. అందుకే శిఖరం గంటన్నర దాటాక వస్తోంది. నిజమేనా అని ఒకట్రెండు సార్లు మూడో గంటకి కూడా గుచ్చి చూశాను. దోసె అప్పటికీ 150 దగ్గర ఉంది, అటుకులు 115కి వచ్చేశాయి.

భోజనం మొదలుపెట్టాక గంట, రెండు గంటల మధ్య వచ్చే శిఖరం 180 లోపు ఉండాలన్నది చాలామంది షుగర్ రోగులకి డాక్టర్లు చెప్పే గీత. రోజుకి ఒకే స్ట్రిప్ ఖర్చు పెట్టగలిగితే ఇడ్లీ, అటుకులు తిన్న రోజు గంటకి, దోసె తిన్న రోజు రెండు గంటలకి చూడటం మేలని నా అనుభవం. ఎప్పుడూ రెండు గంటలకే చూస్తే ఇడ్లీ ఎప్పుడూ పాసే.

ఉప్మా గురించి పెద్దగా చెప్పడానికి లేదు. రవ్వ సన్నదైనా, దొడ్డుదైనా నాకు తేడా కనిపించలేదు. క్యారెట్, బఠాణీ వేసి పళ్లెం నింపితే రవ్వ 40 గ్రాములకే సరిపెట్టుకోవచ్చు, అప్పుడు అంకె దిగుతుంది. అది కూరగాయల మహత్యమో, రవ్వ తగ్గినందుకో వేరే చెప్పక్కర్లేదు. అటుకుల్లో పల్లీలు రెట్టింపు చేసి నిమ్మకాయ పిండినప్పుడు మాత్రం గంట అంకె 170 దగ్గరకి వచ్చింది, మళ్లీ చేసినా దాదాపు అంతే.

ఆగస్టు

పెసరట్టు గెలిచింది సరే, ఎందుకు గెలిచిందో చూడాలి కదా. పిండిపదార్థం తక్కువ కాబట్టా, పెసల గుణం వల్లా? తేల్చాలంటే ఇడ్లీతో సమానంగా 41 గ్రాములు తినాలి. అంటే దాదాపు 90 గ్రాముల పెసలు, మూడు నిండు అట్లు. ఆదివారం కూర్చుని తిన్నాను, మూడోది కష్టమైంది. గంటకి 157, రెండు గంటలకి 154. ఇడ్లీ 192 పక్కన పెడితే, సమానంగా తిన్నా పెసలే నయం. పొట్టుతో ఉన్న గింజలో పీచు ఎక్కువ, 100 గ్రాములకి 17 దాకా. ప్రోటీన్ 22 పైన. పెసల పిండిపదార్థం అరగడానికే ఎక్కువ సమయం పడుతుంది.

అయితే ఆ గుణాన్ని మనమే పాడుచేసుకునే దారులు కూడా ఉన్నాయి. మొదటిది కరకరలాడాలని వేసే బియ్యం. గుప్పెడు అంటారు, మా అత్తయ్య గుప్పెడు తూస్తే 45 గ్రాములు. రెండోది అల్లం పచ్చడి. మా ఇంటి పచ్చడిలో బెల్లం బాగానే పడుతుంది, చెంచా చెంచాకీ అంకె ఎక్కుతుంది. పల్లీ చట్నీతో 144 ఉన్నది, అల్లం పచ్చడి ధారాళంగా వేసుకున్న రోజు 163. మూడోది ఉప్మా పెసరట్టు. అట్టు మడతలో పెట్టే గరిటెడు ఉప్మా తూచాను, 110 గ్రాములు. అందులో రవ్వ 30 గ్రాముల లోపు, పిండిపదార్థం మరో 20 గ్రాములు. మొత్తం 48, ఐదింటిలో అన్నిటికంటే ఎక్కువ. రెండు గంటలకి 171 చూపించింది. ఎమ్మెల్యే పెసరట్టు ఆర్డర్ చేసి పెసలు తిన్నామనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

రుబ్బడంలోనూ తేడా ఉంది. మిక్సీలో వెన్నలా తిప్పేస్తే గింజ కణాలు పూర్తిగా నలిగి త్వరగా అరుగుతాయి. నేను కాస్త బరకగా ఆపేస్తున్నాను. "ఇంత బరకగా ఉంటే అట్టు పెనానికి అంటుకుంటుంది, తిప్పలేవమ్మా" అన్నారు అత్తయ్య. పెనం ముందు బాగా వేడెక్కనిచ్చి, మంట తగ్గించి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది వేస్తే లేస్తోంది. అంచులు మాత్రం హోటల్ దాంట్లా పలుచగా రావు.

ఒక జాగ్రత్త. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు ఇడ్లీ నుంచి ఒక్కసారిగా పెసరట్టుకి మారితే పదకొండింటికి షుగర్ పడిపోవచ్చు, ఎందుకంటే మందు పాత టిఫిన్‌కి సరిపడా ఉంటుంది. చెమట, వణుకు వస్తే ముందు మీటర్ చూసుకోవాలి. 70 కంటే తక్కువుంటే వెంటనే పంచదార నీళ్లు తాగాలి. మార్చే ముందే డాక్టర్‌తో మాట్లాడుకుంటే ఆ తిప్పలు ఉండవు.

తర్వాత చూడబోయేది ఇడ్లీనే. రవ్వ 400లో సగం తీసేసి, ఆ స్థానంలో నానబెట్టి బరకగా రుబ్బిన పెసలు 200 గ్రాములు. లెక్క ప్రకారం పళ్లెంలో 35 గ్రాములకి దిగాలి. మొదటి వాయి నిన్న దించాను. ఈ వానకి పిండి సరిగ్గా పొంగలేదు, ఇడ్లీలు చపాతీల్లా పరుచుకున్నాయి. కాబట్టి ఆ అంకె లెక్కలోకి తీసుకోవడం లేదు. ఈసారి గిన్నెని లైటు వేసిన ఓవెన్‌లో పెట్టి పులియబెడతాను.