గోడ విరిగిన రోజే రాయాల్సిన రిపోర్టు

సోంపేట, టెక్కలి, పలాస వైపు నుంచి గల్ఫ్‌లో పైప్‌లైన్ పనికి వెళ్లిన ఫిట్టర్లూ హెల్పర్లూ పైపు వేయడానికి తవ్విన ట్రెంచ్‌లోకి దిగక తప్పదు. దాని మట్టి గోడ విరిగి మనిషి నడుము దాకా కూరుకుపోతే ఏం చెప్పాలో, సాయంత్రం ఏం రాయాలో ముందే తెలిసి ఉండాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ట్రెంచ్ లోతు 2.4 మీటర్లు. గోడలు కూలకుండా ఆపే షోరింగ్ లేదు, తవ్విన మట్టి అంచునే గుట్టగా పోశారు. ఉదయం 10:20కి 3 మీటర్ల పొడవున గోడ విరిగింది. అర మీటరు మందం, 2 మీటర్ల ఎత్తు అనుకుంటే 3 ఘనపు మీటర్ల మట్టి. ఘనపు మీటరుకి టన్నున్నర చొప్పున నాలుగున్నర టన్నులు. అందులో ఇరుక్కున్న మనిషిని తాడు కట్టి లాగినా, ఎక్స్‌కవేటర్ బకెట్‌తో తీసినా వెన్నుపూస పోవచ్చు.

ముందు ఎక్స్‌కవేటర్ ఆపించి, అంచున గుమిగూడినవాళ్లని వెనక్కి పంపాలి. వాళ్ల బరువుకి మిగిలిన గోడ కూడా జారుతుంది. "దిగొద్దు తమ్ముడూ, రెండో గోడ కూడా కూలొచ్చు" అని ఒకరు గట్టిగా అరవాలి. తర్వాత గేటు దగ్గర బోర్డు మీదున్న సైట్ ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేయాలి. సౌదీలో అయితే అంబులెన్స్ 997, సివిల్ డిఫెన్స్ 998. "ప్రమాదం జరిగింది" అంటే చాలదు. ట్రెంచ్ కూలింది, ఒకడు నడుము దాకా మట్టిలో ఉన్నాడు, మాట్లాడుతున్నాడు, లోతు ఇంత, ఏ గేటు నుంచి రావాలి అని చెప్పాలి. అప్పుడే తవ్వి తీసే సామానుతో వస్తారు.

రిపోర్టులో అన్నిటికన్నా ఎక్కువగా వదిలేసేది టైం. 10:20కి కూరుకుపోయాడు, 11:25కి బయటికి తీశారు అన్న రెండు అంకెలూ డాక్టరుకి కావాలి. కాళ్లు చాలాసేపు నలిగితే కండరం చచ్చి, బరువు తీయగానే పొటాషియం రక్తంలోకి ఒక్కసారిగా వస్తుంది. గుండె ఆగొచ్చు, తర్వాత కిడ్నీలు దెబ్బతినొచ్చు. బయటికి తీయగానే బాగానే మాట్లాడుతున్నాడని క్యాంపుకి పంపేయడం ప్రాణం మీదకి తెస్తుంది.

ఫోర్‌మన్ "కాలు జారి పడ్డాడు" అని రాయమనవచ్చు. ఆ ఒక్క మాటతో తప్పు పనివాడి మీదకి వెళ్తుంది, షోరింగ్ సంగతి కాగితంలోంచి మాయమవుతుంది, పరిహారం అడిగేటప్పుడూ అదే అడ్డొస్తుంది. "గోడ కూలింది" అనే రాయాలి. లోతు, షోరింగ్ లేదన్న సంగతి, మట్టి గుట్ట అంచుకి ఎంత దూరంలో ఉంది (కనీసం 60 సెంటీమీటర్లు ఉండాలి), నిచ్చెన ఎక్కడుంది, ఆ రోజు తవ్వకం పర్మిట్ నంబరు, చూసిన ఇద్దరి పేర్లూ రాయాలి. ట్రెంచ్ పూడ్చకముందే, అనుమతి తీసుకుని, దూరం నుంచే గోడ, గుట్ట రెండూ కనబడేలా ఫొటో తీయించాలి. చదవడం రాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టేముందు తెలిసినవాడితో చదివించుకుని, ఒక కాపీ ఇంటికి పంపాలి.