ఆసుపత్రి వల్ల ఈఎంఐ ఆలస్యమైంది, పెనాల్టీ తగ్గించమని బ్యాంకును అడిగిన నా అనుభవం

జూలై 2 రాత్రి నాయన బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం, ఆపరేషన్‌కు ముందు 40,000 అడ్వాన్స్ కట్టమన్నారు. ఆ డబ్బు నా సేవింగ్స్ ఖాతాలోంచే 3వ తారీఖు పొద్దున ఫోన్లో పంపేశాను. నెలనెలా 5న నా పర్సనల్ లోన్ కంతు 14,200 కట్ అయ్యేది ఆ ఖాతాలోంచే అని అప్పుడు తోచనే లేదు. మిగిలింది మూడు వేల చిల్లర.

5న కంతు బౌన్స్ అయింది. 12న బ్యాంకు వాళ్లు మళ్లీ ప్రయత్నించారు, మళ్లీ బౌన్స్. 16న నాయనను ఇంటికి తెచ్చాం, బావ దగ్గర చేబదులు తీసుకుని 23న కంతు నేనే కట్టేశాను. ముందు కంతు కట్టి తర్వాతే మాఫీ అడగాలని నా అభిప్రాయం, ఎందుకంటే కట్టనంతవరకూ పెనాల్టీ రోజూ పెరుగుతూనే ఉంటుంది, కంతు బాకీ పెట్టుకుని వెళ్తే అవతలివాళ్లు ఆ ఒక్క మాటే పట్టుకుంటారు.

బైరాగిపట్టెడలో ఉంటాం, బ్రాంచి దగ్గరే కాబట్టి మర్నాడే వెళ్లి కౌంటర్ మేడమ్‌తో "మేడమ్, మా నాయన ఆసుపత్రి పాలయ్యాడు, పెనాల్టీ తీసేయండి" అన్నాను. "అది సిస్టమ్‌లో దానంతటదే పడుతుందండి, మా చేతిలో లేదు" అని పంపేశారు. తప్పు నాదే, ఏ పెనాల్టీ అని నాకే తెలియదు. ఇంటికొచ్చి లోన్ స్టేట్‌మెంట్, సేవింగ్స్ స్టేట్‌మెంట్ రెండూ తీసి పక్కపక్కన పెట్టుకుని చూస్తే అసలు సంగతి అర్థమైంది.

నేను పెనాల్టీ అనుకున్నది ఒకటి కాదు, మూడు. ఆలస్యానికి వేసే పీనల్ ఛార్జీ ఏడాదికి 24 శాతం లెక్కన 18 రోజులకు 168 రూపాయలే, దాని మీద జీఎస్టీ అని ఇంకో 30. పెద్దది బౌన్స్ ఛార్జీ, ఒక్కోసారికి 590 చొప్పున రెండుసార్లు. ఇవి కాక నా సేవింగ్స్ ఖాతా ఉన్న బ్యాంకు, అది వేరే బ్యాంకు, ఖాతాలో డబ్బు లేదని 295 చొప్పున రెండుసార్లు కోసుకుంది. అంతా కలిపి 1,968. ఈ చివరి 590 గురించి లోన్ ఇచ్చిన బ్యాంకును ఎంత బతిమాలినా లాభం లేదు, కోసింది వాళ్లు కాదు కదా.

ఇందులో బతిమాలాల్సినది వేరు, హక్కుగా అడగాల్సినది వేరు. పీనల్ ఛార్జీ మీద జీఎస్టీ ఉండదని 2025 జనవరిలో ప్రభుత్వం స్పష్టంగా సర్క్యులర్ ఇచ్చింది, కాబట్టి ఆ 30 తిరిగి వేయాల్సిందే. ఆ 168 మీద మళ్లీ వడ్డీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టు ఆదేశంలో ఉంది, అదీ చూసుకున్నాను, వేయలేదు. మిగతాది మాఫీ చేయాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టం. బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసినా, నియమం ప్రకారం వేసిన ఛార్జీని మాఫీ చేయించడం వాళ్ల పని కాదు. బ్యాంకుకు రాసిన ఉత్తరానికి 30 రోజుల్లో జవాబు రాకపోతేనో, వేయకూడనిది వేస్తేనో వాళ్ల దగ్గరికి వెళ్లాలి.

మేనేజర్ పేర ఒక పేజీ ఉత్తరం రాశాను, తెలుగులోనే. లోన్ నంబరు, మూడు తారీఖులు, ఏ పద్దు కింద ఎంత పడిందో విడివిడిగా. నాన్న జబ్బు గురించి రెండు వాక్యాలు చాలు అనిపించింది. డిశ్చార్జ్ సమ్మరీలో చేరిన తేదీ, వచ్చిన తేదీ ఉన్న మొదటి పేజీ మాత్రమే జతచేశాను, లోపలి రిపోర్టులు వాళ్లకెందుకు? అన్నిటికంటే పనికొచ్చింది సేవింగ్స్ స్టేట్‌మెంటు. 2న ఖాతాలో కంతుకు సరిపడా డబ్బుంది, 3న 40,000 ఆసుపత్రికి పోయింది, 5న బౌన్స్. ఆ మూడు వరసల కింద పెన్నుతో గీత గీశాను. పేషెంటు నేను కాదు కాబట్టి నాయన ఆధార్ కాపీ కూడా పెట్టాను, అందులోని అడ్రసూ నా అడ్రసూ ఒకటే అని కనిపిస్తుంది. రెండో కాపీ మీద తారీఖుతో సీలు వేయించుకునే దాకా కదల్లేదు. మేనేజర్ ఆ గీతలు చూసి, "ముందు మీరెప్పుడైనా లేటయ్యారా?" అని అడిగారు. 22 నెలల్లో ఇదే మొదటిసారి. "పైకి పంపిస్తాను" అన్నారు.

పదకొండో రోజు మెయిల్ వచ్చింది. 168, జీఎస్టీ 30, రెండో బౌన్స్ 590 తీసేశారు, మొదటి బౌన్స్ మాత్రం ఉంచారు. సేవింగ్స్ బ్యాంకులో ఇవే కాగితాలు చూపిస్తే 295 ఒకటి వెనక్కి ఇచ్చారు. లోన్ బ్యాంకు తీసేసిన డబ్బు నా చేతికి రాలేదు, లోన్ ఖాతాలో జమ చూపించారు. ఆగస్టు కంతు పోయాక స్టేట్‌మెంట్ తీసి ఆ పద్దులు కనబడ్డాకే నమ్మాను. సిబిల్‌లో జూలై నెల ఆలస్యం అని పడింది. ఛార్జీ మాఫీ అయితే అదీ పోతుందని ఆశపడ్డాను. ఆలస్యం నిజంగా జరిగింది కాబట్టి అది మార్చడం కుదరదని మేనేజర్ చెప్పారు.