142 యూనిట్లకు 1,515 రూపాయలా?

2024 డిసెంబరు మొదటి వారంలో ఒక పొద్దున్న బిల్లు తీసే అబ్బాయి గేటు దగ్గర సైకిలు ఆపి, మీటర్ చూసి, నడుముకున్న మిషన్‌లోంచి చీటీ చింపి అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. పక్కింటి కొబ్బరి డొక్కల పొగకు కళ్లు మండుతుంటే నేను చదివింది ఒకటే అంకె. చెల్లించవలసిన మొత్తం 1,515.

మేం అమలాపురం దగ్గర ఒక ఊళ్లో మేడ మీద అద్దెకుంటాం. కింద ఇంటి ఓనరు, రిటైరైన మాస్టారు. మాకు ఏసీ లేదు. రెండు ఫ్యాన్లు, ఫ్రిజ్, మోటారులో మా వంతు, అంతే. మామూలుగా మాకు ఆరు వందలకు అటూ ఇటూగా వస్తుంది.

"మీటరు పాడైపోయిందేమోనండీ" అంది మా ఆవిడ. నాకూ మొదట అదే అనిపించింది. చీటీలో యూనిట్లు 142 అని ఉంది. 1,515ని 142తో భాగిస్తే యూనిట్‌కు పది రూపాయల అరవై ఏడు పైసలు. అక్కడే అనుమానం తిరగబడింది. మన రాష్ట్రంలో ఇంటి కనెక్షన్‌కు అన్నిటికంటే పై స్లాబు, అంటే 400 యూనిట్లు దాటాక పడే రేటే 9 రూపాయల 75 పైసలు. 142 యూనిట్ల వాడికి అంతకు మించిన రేటు పడే దారే లేదు. అంటే తేడా వాడకంలో లేదు, కింద ఇంకేవో కలిశాయి. నోటుబుక్కు తెచ్చుకుని కూర్చున్నాను.

ముందు రీడింగు. చీటీలో ఇప్పటి రీడింగు 8914, కిందటిది 8772. తీసేస్తే 142. మెట్ల కింద మీటర్ దగ్గరకెళ్లి నిలబడ్డాను. డిస్‌ప్లేలో ఒకదాని తర్వాత ఒకటి తేదీ, టైమూ మారుతూ చివరికి kWh అని వచ్చినప్పుడు చూస్తే 8915. అప్పటికి ఫ్రిజ్ ఇంకో యూనిట్ తినేసిందన్నమాట. మీటర్ నిర్దోషి.

తర్వాత ఎనర్జీ ఛార్జీలు. చాలామంది ఒక యూనిట్ స్లాబు దాటితే మొత్తం యూనిట్లన్నిటికీ పై రేటు పడుతుందనుకుంటారు. కాదు. 2022 ఏప్రిల్ నుంచి ఇళ్లన్నిటికీ మెట్ల లెక్కే. మొదటి 30 యూనిట్లకు 1.90 చొప్పున 57 రూపాయలు. తర్వాతి 45కి మూడేసి రూపాయలు, 135. ఆపైన 50కి నాలుగున్నర చొప్పున 225. మిగిలిన 17కి ఆరేసి, 102. మొత్తం 519. చీటీలోనూ సరిగ్గా 519.00. ఇంతవరకూ ఒక్క పైసా తేడా లేదు.

ఫిక్స్‌డ్ ఛార్జి 20. ఇది వాడకానికి సంబంధం లేనిది. కనెక్షన్‌కు రాయించుకున్న లోడు ఎంతో, కిలోవాటుకు నెలకు పది రూపాయలు. మా పోర్షనుకు రెండు కిలోవాట్లు. ఇంటికి తాళం వేసి నెలంతా పుట్టింటికి వెళ్లినా ఇది పడుతుంది. దాని పక్కనే కస్టమర్ ఛార్జి 35. యూనిట్లు పెరిగేకొద్దీ ఇదీ కాస్త పెరుగుతుంది.

ఎలక్ట్రిసిటీ డ్యూటీ 8.52. ఇది ప్రభుత్వానికి వెళ్లే పన్ను, ఇళ్లకు యూనిట్‌కు ఆరు పైసలు. 142 ఇంటూ ఆరు పైసలు, ఎనిమిది రూపాయల యాభై రెండు. ఇది రూపాయల మీద శాతం కాదు, యూనిట్ల మీద పడేది. కాబట్టి మిగతా ఛార్జీలు ఎంత పెరిగినా డ్యూటీ పెరగదు. ఒకవేళ డ్యూటీయే తేడాగా కనిపిస్తే యూనిట్లలోనో, కేటగిరీలోనో పొరపాటు ఉన్నట్టు. షాపులకు ఇదే డ్యూటీ యూనిట్‌కు రూపాయి. ఇంటి కనెక్షన్ పొరపాటున కమర్షియల్‌లో పడితే ముందు ఈ లైనే చెప్పేస్తుంది.

ఇవన్నీ కలిపితే 582.52. మా మామూలు బిల్లు ఇదే. మరి తొమ్మిది వందల చిల్లర ఎక్కడిది?

దాని కింద ఎఫ్‌పీపీసీఏ అని రెండు లైన్లు. తెలుగులో చెప్పాలంటే ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు. బొగ్గు ధర పెరిగినా, బయట నుంచి కరెంటు ఎక్కువ పెట్టి కొన్నా ఆ తేడా ఇలా వచ్చి మన మీద పడుతుంది. మొదటి లైను 64.00. 142తో భాగిస్తే 45 పైసలు. నెలనెలా వేసేదానికి నలభై పైసలకు మించకూడదని విన్నాను కదా, మరిదేమిటి? కాసేపటికి గుర్తొచ్చింది, ఒక నెల వాడకం మీద పడే సర్దుబాటును రెండు నెలల తర్వాతి బిల్లులో వేస్తారు. అంటే నవంబరు యూనిట్ల మీద కాదు, సెప్టెంబరు యూనిట్ల మీద పడాలి. పాత చీటీలు నేను పారేయను (మా ఆవిడకు నచ్చని అలవాటు). సెప్టెంబరు వాడకం చీటీలో 160 యూనిట్లు. 160 ఇంటూ నలభై పైసలు, 64 రూపాయలు. అయిపోయింది.

రెండో లైను మాత్రం మింగుడు పడలేదు. 231.60. ఏ చీటీ యూనిట్లతో భాగించినా అర్థంపర్థం లేని రేటు వస్తోంది. 142తో అయితే 1.63, 160తో అయితే 1.45. పక్కన చిన్న అక్షరాల్లో 2022 ఏప్రిల్ అని ఉంది. 2022 ఏప్రిల్‌లో మేం ఈ ఇంట్లోనే లేం. అద్దెకు దిగింది 2024 జూన్‌లో.

ఇక ఎరియర్స్, అంటే పాత బాకీ లైను, 612.00. కిందటి నెల బిల్లే 612. కార్తీక మాసం కదా, కోటిపల్లి, ద్రాక్షారామం తిరుగుళ్లలో గడువు తేదీ మర్చిపోయిన మాట నిజం. కానీ కట్టేశాను. ఫోన్‌లో రసీదు ఉంది, బిల్లు తీయడానికి ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నరకు. ఆలస్యానికి సర్‌ఛార్జి అని 25 వేశారు, అది నా తప్పే, దానికి గొడవ లేదు. చివర లాస్/గెయిన్ అని మైనస్ 12 పైసలు, అది పైసలు తీసేసి రూపాయికి సరిచేయడం. అన్నీ వేసి కలిపితే 582.52, 64, 231.60, 25, వెరసి 903.12. పన్నెండు పైసలు పోగా 903. దానికి 612 కలిపితే 1,515. కూడిక సరిపోయింది, టెన్షన్ మాత్రం పోలేదు.

మర్నాడు పర్మిషన్ పెట్టుకుని కరెంటాఫీసుకెళ్లాను. కౌంటర్‌లో మేడమ్ సర్వీస్ నంబరు కొట్టి ముందు ఎరియర్స్ సంగతి తేల్చేశారు.

"మీ డబ్బులు జమయ్యాయండి. బిల్లు మిషన్‌లోకి లెక్కలు ముందే ఎక్కిస్తాం. ఆ తర్వాత కట్టింది దాంట్లో కనపడదు. కాగితం మీది మొత్తం కట్టారనుకోండి, 612 రెండుసార్లు కట్టినట్టు. అది ఎక్కడికీ పోదు, వచ్చే బిల్లులో తగ్గుతుంది. కానీ ఇప్పుడు మీరు కట్టాల్సింది 903యే."

ఫోన్‌లో అప్పటికప్పుడు సర్వీస్ నంబరు కొట్టి చూస్తే నిజంగానే 903 చూపించింది. చీటీలో ఒకటి, ఫోన్‌లో ఒకటి ఉంటే కంగారు పడి కాగితమే నమ్మేవాళ్లం ఇన్నాళ్లూ. ఎరియర్స్ లైను కనపడితే ముందు చూడాల్సింది రెండు తేదీలు, మన రసీదు తేదీ, బిల్లు తీసిన తేదీ. కట్టి పది పదిహేను రోజులైనా ఎరియర్స్ అలాగే ఉంటే అది వేరే సంగతి, అప్పుడు రసీదు నంబరుతో ఫిర్యాదు రాయాలి.

"మరి ఈ 231 ఏంటండీ? 2022లో మేం లేం" అన్నాను.

ఆవిడ మానిటర్ నా వైపు తిప్పారు. పాత వాడకం అంతా నెలలవారీగా ఉంది. 2022 ఏప్రిల్ ఎదురుగా 386 యూనిట్లు. నా నోటుబుక్కు మీదే భాగించాను. 231.60 బై 386, సరిగ్గా అరవై పైసలు.

"2022-23లో అయిన అదనపు ఖర్చును ఇప్పుడు వసూలు చేసుకోమని కరెంటు రేట్లు నిర్ణయించే ఏపీఈఆర్‌సీ ఆర్డరు ఇచ్చిందండి. ఆ ఏడాది ఏ సర్వీసు ఎంత వాడిందో దాని మీద వేస్తాం. మాకు సర్వీస్ నంబరే లెక్క, ఇంట్లో ఎవరున్నారన్నది మాకు కనపడదు."

ఆ ఆర్డరు గురించి పేపర్లో చదివాను గానీ మా అరుగు మీదకే వస్తుందనుకోలేదు. మొత్తం ఆరు వేల కోట్లకు పైనే, పదిహేను నెలల్లో వసూలు చేస్తారట. అంటే ఇది ఒక్క నెలతో పోయేది కాదు. ఆఫీసు వాళ్లది లెక్క తప్పు కాదు కాబట్టి అక్కడ ఫిర్యాదు రాసినా ఉపయోగం లేదు. మాట్లాడాల్సింది మాస్టారితో.

సాయంత్రం ఆయన వాలుకుర్చీలో ఉండగా చీటీ, నోటుబుక్కు రెండూ పట్టుకెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని నా గుణకారాలన్నీ ఎర్ర పెన్ను లేని లోటు తప్ప అచ్చం పేపర్లు దిద్దినట్టే చూశారు.

"386 ఏమిటయ్యా? ఓహో, అప్పుడున్నవాళ్లు రెండు ఏసీలు పెట్టారు. వాళ్లు నరసాపురం వెళ్లిపోయి ఏడాదిన్నర అయింది, ఇప్పుడు వాళ్లనెక్కడ అడుగుతాను?"

"నన్నడిగినా అంతేగదండీ మాస్టారూ" అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. లోపల్నుంచి మామ్మగారు, "సర్వీసు మన పేరు మీదేగదండీ, ఆ అబ్బాయిని పీడించడమెందుకు" అన్నారు. దాంతో తేలిపోయింది. బిల్లు నేనే కట్టి, 2022 నెల పేరున్న లైను మట్టుకు అద్దెలోంచి తగ్గించుకోవాలి. నెలనెలా మా వాడకం మీద పడే ఆ మొదటి ఎఫ్‌పీపీసీఏ లైను మాత్రం నాదే. ఒక షరతు పెట్టారాయన. ఊరికే అంకె చెబితే కుదరదు, ఏ నెల యూనిట్లు, ఎంత రేటు అన్నది భాగించి చూపించాలి.

జనవరి చీటీలో ఎరియర్స్ సున్నా. పాత లైను ఎదురుగా ఈసారి 2022 మే. ఎండాకాలం, రెండు ఏసీలు, ఏమాత్రం ఉంటుందో ఊహించుకోవచ్చు. నోటుబుక్కు తీసుకుని మెట్లు దిగుతుంటే మాస్టారు అప్పటికే వాలుకుర్చీలోంచి లేచి కళ్లజోడు వెతుక్కుంటున్నారు.