నిమిషానికి 24 ఊపిర్లు

గురువారం, బరంపురం

థర్డ్ ఇయర్ బీఎస్సీ నర్సింగ్ పిల్లలకి వచ్చే వారం పెట్టబోయే సెప్సిస్ సిమ్యులేషన్, అంటే ఇన్‌ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా దెబ్బతినే స్థితిని నటించి చూపించే పాఠం, ఇవాళ్టికి ఒక కొలిక్కి వచ్చింది. ఎప్పటినుంచో చేతులు మారుతూ వచ్చిన పాత స్క్రిప్టులో పేషెంటుకి బీపీ 80, జ్వరం 104, ఒళ్లంతా చెమటలు. అలాంటి మనిషిని చూస్తే వార్డు ఊడ్చే ఆవిడైనా డాక్టర్ని కేకేస్తుంది. బీపీ పడిపోయాక గుర్తుపట్టడం గొప్పేం కాదు. పిల్లలకి రావాల్సింది అంతకు కొన్ని గంటల ముందు, చార్టు చూస్తే అంతా బాగానే ఉన్నట్టు అనిపించే వేళలో అనుమానపడటం. అందుకని మొత్తం చింపేసి మళ్లీ మొదలుపెట్టాను.

కొత్త పేషెంటు గోపాలపూర్ నుంచి వచ్చిన తెలుగావిడ. వయసు 62, చేపలమ్మే మనిషి, షుగరుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మూడు రోజులుగా జ్వరం, మెడిసిన్ వార్డులో చేరింది. సాయంత్రం ఆరింటికి చార్టులో జ్వరం 101.2, నాడి 94, బీపీ 138/82, ఊపిరి 20. పారాసెటమాల్ వేశారు. పిల్లలు డ్యూటీలోకి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. ఇప్పుడు జ్వరం 99.6. నాడి 106, బీపీ 112/70, ఆక్సిజన్ 95 శాతం.

జ్వరం దిగడం నేను కావాలనే పెట్టాను. అది చూడగానే "తగ్గిందిలే" అని ఊపిరి పీల్చుకుంటారు. పారాసెటమాల్ జ్వరాన్ని దించుతుంది గానీ రక్తంలో జరుగుతున్నదాన్ని ఆపదు. జ్వరం దిగుతుంటే నాడి పెరగడమేమిటి అని ఆగి ఆలోచించాలి. బీటా బ్లాకర్ మాత్ర కూడా వాడుతోందని రాద్దామా అనుకున్నాను. అది వేసుకునేవాళ్లకి నాడి పెరగాల్సినంత పెరగదు, కేసు ఇంకా గడుసుగా ఉంటుంది. కానీ థర్డ్ ఇయర్‌లో ఒక్కసారే ఇన్ని ముడులు వేస్తే పిల్లలు ముడుల్నే గుర్తుపెట్టుకుంటారు. తీసేశాను.

అసలు ఇరుసు ఊపిరి. వార్డుల్లో చార్టులు తిరగేస్తే ఊపిరి గడిలో ఎవరికి చూసినా 18, లేదంటే 20. మిగతా అన్నిటికీ మెషీన్లున్నాయి, దీనికి మాత్రం మనిషి నిలబడి లెక్కపెట్టాలి. కాబట్టి ఎవరూ లెక్కపెట్టరు. మా దగ్గరున్న బొమ్మకి ఛాతీ కదలదు. బొమ్మ పక్కన "ఊపిరి 24" అని కార్డు పెట్టామంటే లెక్కపెట్టని అలవాటుని మనమే ఇంకాస్త గట్టిచేసినట్టు. అందుకే పేషెంటుగా నిజం మనిషినే పడుకోబెడుతున్నాను, మా ల్యాబులో పనిచేసే ఆయమ్మని. మిగతావన్నీ కార్డుల మీదే వస్తాయి, అదీ పట్టీ కట్టాక, థర్మామీటర్ పెట్టాకే. ఊపిరికి మాత్రం కార్డు లేదు.

ఆయమ్మ నిమిషానికి కచ్చితంగా 24 సార్లు పీల్చాలంటే ఎలా? ఫోన్‌లో మెట్రోనోమ్‌ని 48కి పెట్టి, శబ్దం లేకుండా వణుకు ఒక్కటే వచ్చేలా చేసి, దుప్పటి కింద ఆవిడ చేతిలో పెట్టాను. ఒక వణుకుకి లోపలికి, ఇంకో వణుకుకి బయటికి. పొద్దున ప్రాక్టీసు చేయిస్తే ఆవిడ మొదట నవ్వాపుకోలేకపోయింది. తర్వాత కుదురుకుంది. పరిస్థితి దిగజారినప్పుడు 28 చేయించాలని చూశాను. కాసేపటికి "మేడమ్, తల తిరిగిపోతంది, మూతి సిమసిమలాడతంది" అంది. ఊరికే వేగంగా పీలిస్తే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి అలాగే అవుతుంది. కాబట్టి 28 రెండు నిమిషాలకి మించకూడదని, అదీ పైపైనే పీల్చాలని స్క్రిప్టులో ఎర్రసిరాతో రాశాను. నటించే మనిషిని పడగొట్టి పాఠం చెప్పక్కర్లేదు.

రెండో సంగతి తెలివి. పేషెంటు పరిస్థితి ఎంత దిగజారిందో అంకెల్లో చెప్పడానికి మేం వాడే న్యూస్-2 స్కోరులో ఈవిడకి ఊపిరికి 2, ఆక్సిజన్‌కి 1, నాడికి 1, బీపీకీ జ్వరానికీ సున్నా. మొత్తం 4. అయిదుకి చేరితే డాక్టర్ని వెంటనే పిలవాలి, ఏడు గానీ అంతకు మించి గానీ అయితే ఎమర్జెన్సీ. 4 దగ్గర ఆగితే ఇంకాసేపట్లో మళ్లీ చూద్దాం అనిపిస్తుంది. కానీ కొత్తగా తికమక వస్తే దానికొక్కదానికే 3. అంటే 4 కాస్తా 7. ఊపిరి సరిగ్గా లెక్కపెట్టకపోతే అటు నుంచి 2 పోతాయి. కేసంతా ఈ రెంటి మీదే నిలబెట్టాను.

ఆ తికమక ఎలా ఉండాలన్న దాని మీదే మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఊగిపోతూ అరిచేలా పెడితే చూడగానే తెలిసిపోతుంది. చివరికి ఆవిడ మెల్లగా ఒకే ఒక్క మాట అడుగుతుంది: "పడవ ఒచ్చీసిందేటి?" గోపాలపూర్ ఆవిడ పడవ గురించి అడగడంలో వింతేముంది? కానీ పక్కనున్న కోడలికి తెలుసు, మామ పోయి చాలా ఏళ్లయింది, పడవ అప్పుడే అమ్మేశారు. ఆ సంగతి కోడలు తనంతట తాను చెప్పదు. "అమ్మ ఎప్పుడూ ఇలాగే మాట్లాడుతుందా?" అని అడిగితేనే చెప్పాలి. మధ్యాహ్నం నుంచి బాత్రూముకి పోలేదన్నదీ అంతే, అడిగితేనే. కోడలి వేషం మా లైబ్రరీ అమ్మాయిది.

షుగరు కూడా చూడమన్నాను. షుగరున్న మనిషి మాట తేడాగా ఉంటే ముందు గ్లూకోమీటరే తీయాలి. కార్డు మీద 214 ఉంటుంది. "షుగర్ ఎక్కువుంది, అందుకే ఇలా" అని అక్కడే ఆగిపోయేవాళ్లు ఉంటారు. తగ్గితే మనిషి తికమకపడుతుంది గానీ 214కి ఇలా అవదు.

సాయంత్రం ఇద్దరు ఇంటర్న్‌ల చేత ట్రయల్ చేయించాను. ఒకమ్మాయి ఇచ్ఛాపురం, ఇంట్లో తెలుగే. ఇంకొకమ్మాయిది భంజనగర్, తెలుగు ముక్క రాదు. తెలుగమ్మాయికి సులువవుతుంది, ఇంకొకరికి అన్యాయమేమో అని నాకు సందేహం. జరిగింది వేరు. ఇచ్ఛాపురం అమ్మాయి మంచం దగ్గరికి వెళ్లి ఎంత ఆప్యాయంగా మాట్లాడిందో! "పడవ ఒచ్చీసిందేటి" అంటే "వస్తాదిలే అమ్మా, నువ్వు పడుకో" అని దుప్పటి సర్దింది. చార్టులో తెలివిగా ఉంది అని రాసింది. ఊపిరి 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించింది, 20 వచ్చింది. పావు నిమిషంలో ఆరు ఊపిర్లు పడాలి, ఒక్కటి జారినా నాలుగు తగ్గిపోతాయి. 20కి న్యూస్-2లో సున్నా. అంటే ఆమె లెక్కలో పేషెంటు స్కోరు 2, సాయంత్రం చార్టులో ఉన్నదే.

భంజనగర్ అమ్మాయికి పేషెంటు మాట అర్థం కాలేదు. అర్థం కాలేదు కాబట్టే కోడలి వైపు తిరిగి, ఏమంటోంది, రోజూ ఇలాగే అంటుందా అని ఒడియాలో అడిగింది. కోడలు మొత్తం చెప్పేసింది. ఆ పిల్ల గడియారం చూస్తూ నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టి, గోరు నొక్కి వదిలి, ఫోన్ దగ్గరికి నడిచింది. అప్పటిదాకా నా చెక్‌లిస్టులో "మాటలో తికమక గమనించిందా" అని ఉంది. అది కొట్టేసి "ఇంటివాళ్లని అడిగిందా" అని రాసుకున్నాను.

ఫోన్ సీను ఇంకో తలనొప్పి. అవతల డ్యూటీ డాక్టరుగా మెడిసిన్ పీజీ ఒకాయన పక్క గదిలో కూర్చున్నాడు. "పేషెంట్‌కి బాగోలేదు సార్" అని మొదలుపెడితే ఆయన డైలాగు "జొరొ కమిలాణి", జ్వరం తగ్గిందిగా, పొద్దున చూద్దాం అని. స్కోరు ఏడు అని ఊరికే అంటే "ఎందుకు ఏడు?" అంటాడు. తాను ఎవరు, ఏ బెడ్డు, సాయంత్రం ఎలా ఉంది, ఇప్పుడేం మారింది, తనకేం అనుమానం, ఆయన ఏం చేయాలి, ఈ వరస తప్పక చెప్పాలి. ముఖ్యంగా ఆఖరిది. పిల్లలు అన్నీ చెప్పి "అంతే సార్" అని ఆగిపోతారు. "మూత్రం ఇన్‌ఫెక్షన్ నుంచి సెప్సిస్ అని అనుమానం సార్, మీరిప్పుడే వచ్చి చూడాలి" అన్న వాక్యం నోట్లోంచి రాదు. డాక్టర్ని రమ్మనడం మర్యాద కాదని వాళ్ల భయం. భంజనగర్ అమ్మాయి కూడా రెండోసారి ఫోన్ చేశాకే అంది.

సరిగ్గా చెప్పినా ఒక బృందానికి ఆయన "క్యాజువాల్టీలో ఉన్నా, గంట పడుతుంది" అంటాడు. అక్కడ పిల్లలు వార్డు సిస్టర్‌కి చెప్పి సీనియర్ రెసిడెంట్‌కి ఫోన్ చేయాలి. ఆ నంబర్ల వరస గోడ మీద అంటించి ఉంటుంది. పీజీగారికి ఇది నచ్చలేదు. "మేమంత చెడ్డవాళ్లమా మేడమ్" అన్నాడు. చెడ్డతనం కాదు బాబూ, ఒక్కడివి రెండు చోట్ల ఉండలేవు, అది వాళ్లకి తెలియాలి అన్నాను.

ఎనిమిది నిమిషాల్లోపు సరైన ఫోన్ వెళ్లకపోతే బీపీ 96/54 కార్డు, గోరు నొక్కితే ఎరుపు తిరిగి రావడానికి 4 సెకన్లు, ఆయమ్మకి 28. పేషెంటుని చంపేస్తే గట్టిగా గుర్తుంటుందని ఒక సహోద్యోగి సలహా. నేను ఒప్పుకోలేదు. చావు చూశాక పిల్లలకి చావే గుర్తుంటుంది, లెక్కపెట్టని ఊపిరి గుర్తుండదు. డాక్టరు వస్తున్నానన్నాక వాళ్లు సిద్ధం చేయాల్సింది సెలైన్ దారి, యాంటీబయాటిక్ పడకముందే తీయాల్సిన బ్లడ్ కల్చర్ సీసాలు, లాక్టేట్‌కి రక్తం. ఏ మందు, ఎంత సెలైన్ అన్నది డాక్టర్ చెప్పాలి. సెప్సిస్ అని గట్టి అనుమానం ఉంటే యాంటీబయాటిక్ గంటలోపు పడాలన్నది మాత్రం వాళ్లకీ తెలిసుండాలి. కల్చర్ కోసం ఆ గంట దాటకూడదు.

సీను పదిహేను నిమిషాలు, తర్వాత చర్చకి అరగంట ఉంచాను. ఇచ్ఛాపురం అమ్మాయిని ఎక్కడ తప్పావని అడగలేదు. పడవ మాట విన్నప్పుడు ఏమనుకున్నావు అని అడిగాను. "మా అమ్మమ్మ కూడా అలాగే అడిగేది మేడమ్" అంది.

రేపు చేయాల్సినవి: గడువు తీరిన కల్చర్ సీసాలు స్టోర్‌లో అడగాలి, ఆయమ్మకి రెండు సీన్ల మధ్య అరగంట విరామం ఉండేలా టైమ్‌టేబుల్ మార్చాలి. పీజీగారి గంట ఆలస్యం రెండో బృందానికే ఉంచాను.